ప్రమోషన్ రాని మనిషి చదివే మెయిలు

పోయిన శనివారం పొద్దున బెంగళూరు మారతహళ్ళిలో ఒక దర్శిని ముందు నిలబడి ఇడ్లీ వడ తింటున్నాం, నేనూ మా పాత ఆఫీసు కుర్రాడూ. కుర్రాడు అంటున్నాను గానీ వాడికిప్పుడు ముప్పై నాలుగు. గుంటూరు నుంచి వచ్చి నా టీములో ఫ్రెషర్‌గా చేరాడు, ఇప్పుడు బెళ్ళందూరులో ఇంకో సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆపరేషన్స్ హెడ్. చెయ్యి కడుక్కొచ్చి ఫోన్ తీశాడు. “అన్నా, ఒక మెయిల్ చూడు. గురువారం కంపెనీ మొత్తానికి వెళ్ళాలి.”

వాళ్ళ కస్టమర్ సపోర్ట్ లీడ్‌కి ప్రమోషన్ ఇచ్చారు. ఆ సంగతి రెండు వందల మందికి చెప్పే మెయిలు. ఇంగ్లీషులో నాలుగు పేరాలు. అలుపెరగని కృషి, అంకితభావం, అందరికీ స్ఫూర్తి, టీమ్‌కి వెన్నెముక. ఆవిడ ఫొటో, పక్కన పూలగుత్తి బొమ్మ. చివర ఒక్క వాక్యం: దీనికి అనుగుణంగా టీముల్లో తగిన మార్పులు ఉంటాయి, అందరూ సహకరించగలరు.

“తగిన మార్పులంటే?” అన్నాను.

“ఆన్‌బోర్డింగ్ టీమ్ కూడా ఆవిడ కిందకి వస్తుందన్నా.” కొత్త కస్టమర్లకి సెటప్ చేసిపెట్టే టీమ్ అది.

“ఆన్‌బోర్డింగ్ లీడ్ ఉన్నాడుగా, ఆయన?”

“ఆయన కూడా.”

“ఆయన ఈ పోస్టుకి అడిగాడా?”

వాడు కాఫీ గ్లాసు వైపు చూశాడు. అడిగాడన్నమాట.

నాకు ఎప్పటినుంచో ఒక అభిప్రాయం ఉంది, ఆ రోజు వాడి ముందు ఇంకాస్త గట్టిపడింది. ప్రమోషన్ మెయిలుని ప్రమోషన్ వచ్చినవాళ్ళ కోసం రాయకూడదు. వాళ్ళకి లెటర్ ఇచ్చేశాం, జీతం పెంచేశాం, ఇంట్లో స్వీట్లు కూడా పంచేసి ఉంటారు. ఆ మెయిలుని అక్షరం అక్షరం చదివే మనిషి కంపెనీలో ఒక్కడే ఉంటాడు: అడిగీ రాని మనిషి. మిగతావాళ్ళు అందులో ఒక్క సంగతి కోసం వెతుకుతారు, రేపటి నుంచి తమ పైన ఎవరని. మా వాడి మెయిలులో ఈ రెండింటికీ జవాబు లేదు.

వాడు ఒప్పుకోలేదు. “అన్నా, ఎవరు చదువుతారు? అందరూ కంగ్రాట్స్ కొట్టేసి డిలీట్ చేస్తారు” అన్నాడు. నూట తొంభై మంది విషయంలో వాడన్నది నిజమే. నేను మాట్లాడుతున్నది మిగిలిన పదిమంది గురించి.

నేను చేసిన ఘనకార్యం

ఈ పాఠం నాకు ఊరికే రాలేదు. కొన్నేళ్ళ క్రితం, పేరు చెప్పను, ఒక కంపెనీలో ఇలాంటి మెయిలు నేనే రాశాను. ప్లాన్ బాగానే వేశాం. ముందు ప్రమోషన్ వచ్చినావిడకి చెప్పడం, తర్వాత అడిగీ రాని ఆయనకి ఒంటరిగా చెప్పడం, తర్వాత టీమ్‌లకి, చివర అందరికీ మెయిలు. ఆయనతో మాట్లాడటానికి మంగళవారం పొద్దున పదకొండుకి మీటింగ్ కూడా పెట్టుకున్నాను.

సోమవారం రాత్రి హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్ ఒకమ్మాయి, పని ముందే అయిపోతే మంచిదని, సాఫ్ట్‌వేర్‌లో మేనేజర్ పేర్లు మార్చేసింది. మార్పు ఏ తేదీ నుంచి అమలు అన్నచోట వచ్చే నెల ఒకటి వెయ్యాల్సింది, ఆ రోజు తేదీ వేసింది. సాఫ్ట్‌వేర్ తన పని తాను చేసింది. మంగళవారం పొద్దున ఆయన సిల్క్ బోర్డ్ దగ్గర క్యాబ్‌లో ఇరుక్కుని ఉండగా ఫోన్‌కి ఒక మెయిల్ వచ్చింది: `Your reporting manager has been changed`. కింద ఆవిడ పేరు. నాలుగేళ్ళు పక్క సీటులో కూర్చున్న మనిషి పేరు.

పదకొండుకి మీటింగ్ రూములోకి వచ్చి కూర్చుని, నేను నోరు తెరవకముందే, “సార్, నాకు మెషీన్ చెప్పేసింది. మీరు కొత్తగా ఏమైనా చెప్తారా?” అన్నాడు. చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

అప్పటి నుంచి నేనొక క్రమం పాటిస్తున్నాను. ముందు లెటర్ మీద సంతకం కావాలి. నోటిమాట ఒప్పుకోలు చాలదు, జీతం దగ్గర బేరం తెగక ముందే మెయిలు పంపి తలపట్టుకున్నవాళ్ళని చూశాను. తర్వాత అడిగీ రానివాళ్ళకి, తర్వాత పై మనిషి మారేవాళ్ళకి, ఆ తర్వాతే అందరికీ. మొదటి మనిషికి, చివరి మెయిలుకి మధ్య రెండు మూడు రోజులు మించితే మన ఆఫీసుల్లో ఏ రహస్యమూ ఆగదు. టీ దగ్గర కాకపోతే కార్‌పూల్‌లో బయటపడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో మార్పు మాత్రం అందరికంటే ఆఖరున. ఎవరి పైన ఎవరో చూపించే ఆర్గ్ చార్ట్ ఊళ్ళో పంచాంగం లాంటిది, ఎవరికీ అక్కర్లేదు అనుకుంటాం, రోజూ తిరగేసేవాడు ఒకడుంటాడు.

రాత్రింబవళ్ళు అనే మాట

ఆ మెయిలులో నేను చేసిన రెండో తప్పు ఇంకా మెత్తనిది, అందుకే చాలా రోజులు నాకు తెలియలేదు. ఆవిడ గురించి “రాత్రింబవళ్ళు కష్టపడ్డారు” అని రాశాను. అబద్ధమేం కాదు. పెద్ద కస్టమర్ ఒకరు గోల చేసిన నెలలో ఆవిడ నిజంగానే అర్ధరాత్రి కాల్స్‌లో కూర్చుంది.

రెండు వారాల తర్వాత ఆయన నవ్వుతూనే అన్నాడు: “సార్, నేను పగలే కష్టపడ్డాను. అందుకే రాలేదేమో.” ఆ నవ్వులో నవ్వు లేదు. ఇంకో ఆరు నెలలకి, చిన్న పాపతో ఉన్న ఒక టెస్టరమ్మాయి లీడ్ పోస్టుకి పేరివ్వలేదు. ఎందుకివ్వలేదని అడిగితే, “రాత్రిళ్ళు నా వల్ల కాదు సార్, మీరే రాశారుగా” అంది.

నేనెప్పుడూ అలా ఒక రూలు పెట్టలేదు. కానీ ఆ మెయిలు చదివినవాళ్ళకి అది రూలే. అంతమందికి ఒకేసారి, కంపెనీ సంతకంతో, ఈ మనిషికి ఇందుకిచ్చాం అని చెప్తే, వచ్చేసారి కూడా ఇందుకే ఇస్తారని అర్థం చేసుకుంటారు. అలా అర్థం చేసుకోవడంలో వాళ్ళ తప్పేమీ లేదు. అందుకని మెయిలులో పెట్టే ప్రతి కారణాన్నీ నేనిప్పుడు ఒకసారి తిరగేసి చూస్తాను: రేపు ఇంకొకరు వచ్చి నేనూ అదే చేశాను, నాకూ ఇవ్వండి అంటే, ఇవ్వడానికి సిద్ధమేనా? సిద్ధం కాకపోతే ఆ మాట కొట్టేస్తాను.

బెంగళూరులో తెలుగువాళ్ళకి ఇంకో చిక్కుంది. మా వాడిదీ ఆవిడదీ ఒకే భాష. వీడు గుంటూరు, ఆవిడ తెనాలి. మెయిలు వెళ్ళగానే లిఫ్ట్‌లో ఏం మాట వినపడుతుందో వాడికీ తెలుసు, నాకూ తెలుసు: “తెలుగు బ్యాచ్.” ఒకప్పుడు మనమూ ఇంకో బ్యాచ్ గురించి అలాగే అన్నవాళ్ళమే. ఆ మాటకి కోపం తెచ్చుకుని లాభం లేదు. అంకితభావం, వెన్నెముక లాంటి మాటలు ఆ అనుమానాన్ని పెంచుతాయి, ఎందుకంటే మన మనిషి గురించి మనం చెప్పే మాటలూ అవే. ఎవరైనా వెళ్ళి చూసుకోగలిగే పనిని పేరు పెట్టి చెప్తే అనుమానం పోతుందని అనను, కానీ దానికి మేత తగ్గుతుంది.

“సరే, ఆవిడ ఏం చేసిందో చెప్పు, విశేషణాలు లేకుండా” అన్నాను వాడితో. వాడు కొంచెం తడుముకున్నాడు. తర్వాత బాగానే చెప్పాడు.

రాత్రి షిఫ్ట్ దిగేవాళ్ళు పగటి షిఫ్ట్‌కి ప్రతి ఫిర్యాదు టికెట్ గురించి నాలుగు లైన్లు రాసిపెట్టే పద్ధతి ఆవిడ తెచ్చింది. అంతకుముందు కస్టమర్ రాత్రి చెప్పిన కథే పొద్దున మళ్ళీ చెప్పాల్సి వచ్చేది. రెండోది, కొత్త కస్టమర్ల మొదటి నెల ఫిర్యాదులన్నీ తీసుకుని ప్రతి బుధవారం ఆన్‌బోర్డింగ్ టీమ్‌తో కూర్చోవడం మొదలుపెట్టింది. సగం గొడవలు సెటప్‌లోనే పుడుతున్నాయని అక్కడే తేలింది. మూడోది, ఇద్దరు షిఫ్ట్ లీడ్‌లని తయారుచేసింది. ఆవిడ మూడు వారాలు సెలవు మీద వెళ్తే ఆఫీసులో ఎవరూ ఆవిడకి ఫోన్ చెయ్యలేదు.

“ఆ మూడోది ఎందుకు రాయలేదు?” అన్నాను.

“ఆవిడ లేకపోయినా నడిచిందని రాస్తే బాగోదేమో అనుకున్నానన్నా.”

అసలు కారణం అదే. ఆవిడ పైకి వెళ్ళగలిగింది కింద పని ఆగదు కాబట్టి. నాకు తెలిసిన చాలా ప్రమోషన్ మెయిళ్ళలో సరిగ్గా ఈ కారణమే మిస్సవుతుంది. ఆవిడ లేకపోతే ఏమైపోయేవాళ్ళమో అన్న ధోరణిలోనే రాస్తారు.

గీత మారింది ఒక్కరికే

తర్వాత టిష్యూ పేపరు మీద గీతలు గీశాం. సపోర్ట్‌లో ఆవిడ కింద ఇద్దరు షిఫ్ట్ లీడ్‌లు, వాళ్ళ కింద పన్నెండు మంది. ఆన్‌బోర్డింగ్‌లో ఆయన, ఆయన కింద ఐదుగురు. ఇప్పటిదాకా ఆవిడా ఆయనా ఇద్దరూ మా వాడికే రిపోర్ట్ చేస్తున్నారు. ఇప్పుడు ఆవిడ రెండు టీమ్‌లకీ మేనేజర్.

ఒక్కొక్కరినే చూస్తూ పోయాం. పన్నెండు మందికి ఏమీ మారలేదు, వాళ్ళ షిఫ్ట్ లీడ్‌లు వాళ్ళకే ఉన్నారు. షిఫ్ట్ లీడ్‌లిద్దరికీ పైన ఆవిడే, ఆవిడ కార్డు మీద హోదా మారిందంతే. ఐదుగురికీ రోజూ చూసే లీడ్ మారలేదు. మా వాడికి ఇద్దరు రిపోర్ట్ చేసేచోట ఒక్కరే మిగిలారు. ఇంత హంగామాలో గీత నిజంగా మారింది ఒక్క మనిషికి. ఆన్‌బోర్డింగ్ లీడ్‌కి.

అంటే “ఆన్‌బోర్డింగ్ టీమ్ ఇకపై సపోర్ట్‌తో కలుస్తుంది” అని గుంభనంగా రాసినా, ఆఫీసంతా చదివేది ఒకటే, ఆయన ఒక మెట్టు దిగాడని. ఈ మాట మెయిలులో ఉండదు, కానీ దాన్ని దాచడానికి చేసే ప్రయత్నం మాత్రం కనపడుతుంది. తగిన మార్పులు అన్నది అలా పుట్టిన మాటే.

ఇక్కడ మా వాడు తెలివిగా ఒక దారి చెప్పాడు. “డాటెడ్ లైన్ పెడదామా అన్నా? ఆయన పేరుకి నాకే రిపోర్ట్ చేస్తాడు, పని మాత్రం ఆవిడతో.” ఇది చాలామంది చేస్తారు, నేనూ చేశాను. ఆరు నెలలు హాయిగా ఉంటుంది. అప్రైజల్ రాగానే ఆయన రేటింగ్ ఎవరిస్తారు అన్న ప్రశ్న లేస్తుంది. పని చూసిన మనిషికి అధికారం లేదు, అధికారం ఉన్న మనిషి పని చూడలేదు. ఒకరి మొహం కాపాడదామని గీసిన చుక్కల గీత చివరికి ఆయన ఇంక్రిమెంట్ మీదకే వస్తుంది. పని నిజంగా రెండుచోట్ల నుంచీ వచ్చేచోట డాటెడ్ లైన్ పనికొస్తుంది. ఇక్కడ అది మొహమాటానికి పెట్టే గీత.

నా సలహా ఇది. ముందు ఆయనతో మాట్లాడు, సోమవారమే. ఎందుకు రాలేదో చెప్పు. తర్వాత మెయిలులో ఆయన గురించి ఏం రాస్తున్నావో చూపించి, ఏది మార్చాలో అడుగు. నిర్ణయం మార్చమని కాదు, వాక్యం మార్చమని.

సోమవారం రాత్రి వాడు ఫోన్ చేశాడు. ఆయన అరవలేదట, కానీ ఇరవై నిమిషాలు ఏమీ మాట్లాడలేదట. తర్వాత రెండే అడిగాడట. ఒకటి, సెప్టెంబర్ 30 దాకా తను చేసిన పనికి రేటింగ్ మా వాడే ఇవ్వాలి, ఆ మాట అందరికీ వెళ్ళే మెయిలులోనే ఉండాలి. రెండోది, ఆవిడ ఆయనకి “మార్గదర్శనం” చేస్తుందన్న వాక్యం తీసెయ్యాలి. ఆయన ఆవిడకంటే రెండేళ్ళు సీనియర్. ఆ వాక్యం డ్రాఫ్ట్‌లో ఉందన్న సంగతి మా వాడికే గుర్తులేదు.

ఆ సంభాషణలోనే ఇంకొకటి బయటపడింది. ఆయనకి మింగుడు పడనిది ఆవిడకి రావడం కాదట. “ఆవిడకెందుకిచ్చారో నాకు తెలుసు. అసలు ఈ పోస్టు ఎందుకు పుట్టిందో ఎవరూ చెప్పలేదు” అన్నాడట. మనం కారణాలు అనేసరికి మనిషి గురించి రాస్తాం. రెండు టీమ్‌లు ఎందుకు కలుస్తున్నాయి అన్నదానికి జవాబు రాయం. ఆ జవాబు చెప్పకపోతే, ఆవిడకి పెద్ద కుర్చీ కావాలి కాబట్టి ఆయన టీమ్‌ని లాక్కొచ్చి కింద వేశారు అనిపిస్తుంది. ఇక్కడ జవాబు ఉంది కూడా. బుధవారం మీటింగుల్లో తేలింది అదే కదా, ఫిర్యాదులు పుట్టేది ఒక టీమ్‌లో, తీరేది ఇంకో టీమ్‌లో.

రాయలేని కారణాలు

ఈ వాదన మా ఆవిడ ముందు పెట్టాను. తను ఇరవై ఏళ్ళుగా హెచ్‌ఆర్‌లోనే ఉంది. పెదవి విరిచింది. “ఎన్ని కారణాలు రాస్తే అన్ని తగాదాలు. పేరు, హోదా, తేదీ, ఎవరికి రిపోర్ట్, ఐదు లైన్లు. మిగతాది ఎవరికి కావాలో వాళ్ళకి నోటితో చెప్పండి. మీరు రాసింది రేపు ఎవరో ప్రింట్ తీసుకొచ్చి నా టేబుల్ మీద పెడతారు.”

తన మాటలో బలముంది. ముఖ్యంగా కారణం నిజంగానే రాయలేనిదైతే. సగం ప్రమోషన్ల వెనక ఇంకో కంపెనీ ఆఫర్ లెటర్ ఉంటుందని మా ఆవిడ అంటుంది. సగమా పావలా వంతా అన్నది పక్కన పెట్టండి, అలాంటివి నేనూ సంతకం చేశాను. మనిషి వెళ్ళిపోతాననడం వల్ల ఇచ్చాం అని ఎవరూ రాయరు, రాయకూడదు కూడా. అప్పుడు ఏం చెయ్యాలి? ఇక్కడ నేను మా ఆవిడ పక్షమే. ఆ ఐదు లైన్లే రాసి ఊరుకోవాలి. లేని కారణాన్ని అల్లితే, ఆఫర్ సంగతి ఎలాగూ తెలిసిన నలుగురూ కంపెనీ మెయిళ్ళని ఇంకెప్పుడూ నమ్మరు.

ఇంకా రాయకూడనివి ఉన్నాయి. ముందున్న మనిషి పాడుచేసినదాన్ని ఈవిడ బాగుచేసింది అన్న ధ్వని వచ్చే ఏ మాటా పెట్టకూడదు. ప్రసవం సెలవు నుంచి వచ్చి కూడా సాధించింది అని పొగడటం పొగడ్త కాదు, ఆ “కూడా” ఎంతమందికి గుచ్చుకుంటుందో చూసుకోవాలి. కానీ రాయదగిన కారణం చేతిలో ఉండగా ఐదు లైన్లతో సరిపెట్టడం నాకు నచ్చదు. ఖాళీ వదిలిన చోటు ఖాళీగా ఉండదు, లిఫ్ట్ నింపేస్తుంది.

రోజు దగ్గర కూడా ఇంట్లో చిన్న వాదన అయ్యింది. తను శుక్రవారం సాయంత్రం అంటుంది, రెండు రోజుల్లో వేడి చల్లారుతుందని. నేను గురువారం పొద్దున అంటాను. శుక్రవారం ఆరింటికి పంపితే అడగడానికి ఎవరూ ఉండరు, వాట్సాప్ మాత్రం ఉంటుంది. పంపినవాడు ఆ రోజూ మర్నాడూ సీటులో కనపడాలి.

గురువారం

చివరికి వెళ్ళిన మెయిలు సారం ఇది, తెలుగులో చెప్తున్నాను. మొదటి పేరాలోనే ఫలానావారు వచ్చే నెల 1 నుంచి సపోర్ట్, ఆన్‌బోర్డింగ్ రెండింటికీ మేనేజర్, నాకే రిపోర్ట్ చేస్తారు అని ఉంది. రెండో పేరా రెండు టీమ్‌లు ఎందుకు కలుస్తున్నాయో. మూడో పేరా ఆవిడ చేసిన ఆ మూడు పనులు, ఒక్క విశేషణం లేకుండా. ఆవిడే ఒకటి ఒప్పుకోలేదట, షిఫ్ట్ నోట్ల పద్ధతి తన ఒక్కదానిది కాదని, ఇద్దరు షిఫ్ట్ లీడ్‌ల పేర్లు కూడా పెట్టించింది.

నాలుగో పేరా గీతలది. ఆన్‌బోర్డింగ్‌ని ఫలానావారే నడుపుతారు, ఆ ఐదుగురికీ ఆయనే మేనేజర్, 1వ తేదీ నుంచి ఆయన ఆవిడకి రిపోర్ట్ చేస్తారు, సెప్టెంబర్ 30 దాకా ఆయన పనికి రేటింగ్ నాది. సపోర్ట్ పన్నెండు మందికీ ఏమీ మారదు. ఇప్పటికే పెట్టిన సెలవులు పాత మేనేజర్ దగ్గరే ఉంటాయి, మళ్ళీ పెట్టక్కర్లేదు. కొత్తవి 1 నుంచి కొత్తవారికి. ఈ చివరిది నేను పట్టుబట్టి పెట్టించాను, ఎందుకంటే కొన్ని సాఫ్ట్‌వేర్లు మేనేజర్ మారినా పెండింగ్‌లో ఉన్నవాటిని పాత పేరు దగ్గరే వదిలేస్తాయి, అవి అక్కడే మగ్గుతాయి. సమస్య తీరకపోతే పైన ఎవరికి చెప్పాలో రాసి కస్టమర్లకి ఇచ్చిన ఎస్కలేషన్ షీటులో పేర్లు మాత్రం తర్వాతి వారం మారుస్తామని ఉంది. ఇంట్లోవాళ్ళకి తెలిశాకే బయటివాళ్ళకి.

మెయిలు పదకొండింటికి వెళ్ళింది. రిప్లై ఆల్ తుఫాను వస్తుందని అందరి అడ్రసులూ బీసీసీలో పెట్టమన్నాను, అదొక్కటీ మర్చిపోయాడు, మధ్యాహ్నం దాకా కంగ్రాట్స్ మోగుతూనే ఉన్నాయట. ఆన్‌బోర్డింగ్ లీడ్ దానికి జవాబివ్వలేదు. సాయంత్రం ఆవిడ సీటు దగ్గరకి వెళ్ళి బుధవారం మీటింగ్ ఎన్నింటికని అడిగాడట. మా వాడికి అది శుభసూచకంలా అనిపించింది. నాకు అది వట్టి టైం కనుక్కోవడంలా అనిపించింది, చూడాలి.

రాత్రి పదింటికి నేను పెరుగన్నం తింటుంటే మళ్ళీ వాడే. “అన్నా, ఒకటి మిస్సయ్యాం. హెచ్‌ఆర్ వాళ్ళు సాయంత్రం సాఫ్ట్‌వేర్‌లో ఆవిడ హోదా మార్చారు. తేదీ కరెక్టుగానే వేశారు, వచ్చే నెల ఒకటి. కానీ రాత్రి షిఫ్ట్ క్యాబ్‌లు వేరే సాఫ్ట్‌వేర్, దాంట్లో సపోర్ట్ లీడ్ అన్న హోదా ఉన్నవాళ్ళకే అప్రూవ్ చేసే బటన్ ఉంటుంది. దానికి తేదీ తెలియదంట, వెంటనే ఎగిరిపోయింది. ఇద్దరమ్మాయిలు కింద గేటు దగ్గర నిలబడి ఉన్నారు.”

“ఇప్పుడు ఎవరు అప్రూవ్ చేస్తున్నారు?”

“ఎవరూ లేరన్నా. నేనే కార్ తీసుకుని బయల్దేరా.”